క్రియ కనిపించని ప్రాంప్టర్

మన క్లబ్ వీడియోల కింద తరచుగా కనిపించే కామెంట్ ఒకటుంది: "చదివినట్టు ఉంది." ఈ మాట వినపడగానే మనవాళ్లు చేసే మొదటి పని ప్రెజెంటర్‌ని మార్చడం. రెండో పని, "ఈసారి కంఠతా పట్టి చెప్పండి" అనడం. ఈ రెండూ తప్పుడు వైద్యాలని నా అభిప్రాయం. జబ్బు ప్రెజెంటర్‌లో కాదు, ఆమె ముందు మనం పెట్టిన తెర మీదా, ఆ తెరలోకి మనం ఎక్కించిన వాక్యంలోనూ ఉంది. ఈ ఏడాది తెలుగు భాషా దినోత్సవం వీడియోకి కెమెరా పని నాది కాబట్టి ఆ వీడియోనే ఉదాహరణగా తీసుకుని చెప్తాను. విషయం గిడుగు రామమూర్తి గారు. మాట్లాడినట్టు రాయమని జీవితాంతం కొట్లాడిన మనిషి గురించి తీసిన వీడియోకే "చదివినట్టు ఉంది" అనిపించుకోవడం మాకే చెల్లింది.

మొదటి టేక్ ఎలా తీశారంటే, ఫోన్‌లో టెలీప్రాంప్టర్ యాప్ వేసి, సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, ఫోన్‌ని స్టాండ్‌కి తగిలించి ప్రెజెంటర్‌కి ఒక చెయ్యి దూరంలో పెట్టారు. అక్షరాలు తెర మీద పాకుతుంటాయి, పైన చిన్న చిల్లులో కెమెరా ఉంటుంది, అమ్మాయి చదువుతుంది. ఎక్కువమంది ఇలాగే చేస్తారు, యాప్ ప్రకటనల్లో చూపించేదీ ఇదే. పేరుకి "లెన్స్‌లోకి చూస్తూ చదవచ్చు" అంటారు గానీ, లెక్క వేసి చూడండి. పాఠం తెర మధ్యలో ఉంటే లెన్స్‌కీ దానికీ ఏడు సెంటీమీటర్లు. కంటికీ ఫోన్‌కీ దూరం నలభై అయిదు. మన ఇంటర్ త్రికోణమితి చాలు: 7ని 45తో భాగించి, దాని టాన్ విలోమం తీస్తే దాదాపు 9 డిగ్రీలు. అంటే ఆమె మనవైపు కాదు, మన గడ్డం కింద ఉన్న చొక్కా గుండీ వైపు చూస్తోంది. ఎదుటివాళ్ల చూపు ఎటు పోతోందో పసిగట్టడంలో మనుషులు మహా గట్టివాళ్లు. కాస్త కిందికి పోతే ఓ మోస్తరుగా క్షమిస్తారు, పక్కకి పోతే అస్సలు క్షమించరు.

పక్కచూపు మాట వచ్చింది కాబట్టి, ఇంకో సంగతి. లైను ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, అదే దూరంలో ఆమె కళ్లు ప్రతి లైనుకీ ఎడమ నుంచి కుడికి ఏడెనిమిది డిగ్రీలు జరిగి, మళ్లీ గభాలున వెనక్కి వస్తాయి. వీడియో చూసేటప్పుడు శబ్దం పూర్తిగా తీసేసి కళ్లనే గమనించండి. టైప్‌రైటర్ బండి జరిగినట్టు జరుగుతుంటాయి. కామెంట్ పెట్టినవాళ్లు ఈ కదలికని గుర్తుపట్టి ఉండకపోవచ్చు, కానీ పట్టుబడింది దానివల్లే. అన్నట్టు, కొందరు వీడియో అడ్డంగా రావాలని ఫోన్‌ని పక్కకి తిప్పుతారు. అప్పుడు లెన్స్ తెరకి ఒక చివరకి పోతుంది, పాఠం మధ్యలో ఉండిపోతుంది. కింది చూపు కాస్తా పక్కచూపు అవుతుంది. అంతకన్నా అన్యాయం లేదు.

దీనికి మందు యాప్‌లో లేదు, దూరంలో ఉంది. అదే ఏడు సెంటీమీటర్ల తేడా రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే రెండు డిగ్రీలే. అందుకే మేం రెండో టేక్‌కి కెమెరాని రెండు మీటర్లు వెనక్కి జరిపి, ముఖం ఫ్రేమ్‌లో నిండుగా ఉండటానికి రెండింతలు జూమ్ చేశాం. సెల్ఫీ కెమెరా మానేసి ఫోన్ వెనక కెమెరా వాడాం. పాఠానికి పది అంగుళాల ట్యాబ్ ఒకటి అరువు తెచ్చి లెన్స్‌కి సరిగ్గా కింద, దాదాపు తగిలేలా బిగించాం. ఫోన్ ఎందుకు చాలదంటే, దూరం నాలుగింతలు పెరిగితే అక్షరం కూడా ఆ మేరకి పెరగాలి. రెండు మీటర్ల నుంచి కళ్లు చికిలించకుండా చదవాలంటే మాకు పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తు అక్షరం కావలసి వచ్చింది. యాప్‌లో చదివే లైను గుర్తుని తెర పైఅంచుకి జరిపి, రెండు పక్కలా మార్జిన్ పెంచి పాఠాన్ని పద్నాలుగు సెంటీమీటర్ల సన్నని పట్టీగా చేశాం. ఇప్పుడు చదివే లైను లెన్స్‌కి ఆరు సెంటీమీటర్ల కింద ఉంది, అంటే రెండు డిగ్రీల లోపే. లైను ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు డిగ్రీలు, అంటే మధ్య నుంచి అటు రెండు, ఇటు రెండు. కళ్లు కదిలినా కనిపించేంత కాదు.

తెలుగుకి వచ్చే చిన్న చిక్కొకటి ఇక్కడ. యాప్‌లో లైన్ల మధ్య ఖాళీ మామూలుగా ఇంగ్లీషు అక్షరాల కొలతకి పెట్టి ఉంటుంది. మన వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. ఖాళీ తక్కువైతే పై లైను వత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది, లేదా సగం తెగిపోతుంది. ప్రెజెంటర్ అక్కడ అర క్షణం ఆగుతుంది. ఆ ఖాళీని ఒకటిన్నర చేస్తే సమస్య పోయింది.

టీవీ స్టూడియోల వాళ్లు ఈ కొద్ది తేడా కూడా ఉంచరు, లెన్స్ ముందే అద్దం పెడతారు. మొదట్లో, 1950 ప్రాంతంలో అమెరికన్ టీవీకి టెలీప్రాంప్టర్ వచ్చినప్పుడు అది కెమెరా పక్కన తిరిగే కాగితపు చుట్ట. మన సెల్ఫీ యాప్ జబ్బే దానికీ ఉండేది. లెన్స్ ముందు అద్దంలో పాఠం కనిపించే పద్ధతికి ఆ దశాబ్దంలోనే పేటెంటు తీసుకున్నవాళ్లలో 'ఐ లవ్ లూసీ' నిర్మాత జెస్ ఓపెన్‌హైమర్ ఒకడు. పద్ధతి తేలికే. లెన్స్ ముందు 45 డిగ్రీల వాలులో అద్దం, దాని కింద ఆకాశం చూస్తూ పడుకోబెట్టిన తెర. తెర మీది పాఠం అద్దంలో పడి ప్రెజెంటర్‌కి కనిపిస్తుంది, కెమెరా మాత్రం అద్దం గుండా ఆమెని చూస్తుంది. ఒకసారి ప్రతిఫలిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి యాప్‌లో 'మిర్రర్' నొక్కి పాఠాన్ని ముందే తిప్పేస్తారు.

మన మెకానికల్ మిత్రులు దీన్ని కిటికీ గాజుతో చేద్దామని ఎప్పుడూ ఉబలాటపడుతుంటారు. చెయ్యొచ్చు, కానీ రెండు విషయాలు. మామూలు గాజు పడిన కాంతిలో పదో వంతు మాత్రమే వెనక్కి పంపుతుంది, అదీ రెండు ఉపరితలాల నుంచీ పంపుతుంది. దాంతో అక్షరం పక్కన ఇంకో మసక అక్షరం నీడలా కనిపిస్తుంది. ఒకే వైపు పూత ఉన్న బీమ్ స్ప్లిటర్ గాజు ముప్పై శాతం దాకా తిప్పి, డెబ్బై శాతం లోపలికి వదులుతుంది. ఆ పోయిన ముప్పై వల్ల కెమెరాకి అర స్టాప్ వెలుతురు తగ్గుతుంది, దానికి తగ్గట్టు లైటు పెంచుకోవాలి. రెండో సంగతి ఎవరూ ముందు ఊహించరు: అద్దం ప్రెజెంటర్ వైపు కింది తెరని చూపిస్తే, కెమెరా వైపు పైకప్పుని చూపిస్తుంది. అంటే పైనున్న ట్యూబ్‌లైట్ వచ్చి ఆమె నుదుటి మీద వెల్తురు కడ్డీలా కూర్చుంటుంది. అందుకే స్టూడియోల్లో అద్దం వెనక భాగాన్నీ కెమెరానీ కలిపి నల్లగుడ్డతో కప్పేస్తారు. ఎవరైనా చేస్తే గుడ్డ మర్చిపోకండి. మాకు మాత్రం రెండు మీటర్ల దూరం దొరికింది కాబట్టి అద్దం అక్కర్లేకపోయింది. హాస్టల్ గదిలో తీసేవాళ్లకే అద్దం.

చూపు సరిపోయింది. రెండో టేక్ తీశాం. లెన్స్‌లోకే చూస్తోంది. అయినా చదివినట్టే ఉంది!

నాకు ఈ వ్యవహారంలో ఆసక్తి పుట్టింది ఇక్కడే. అప్పటికే గ్రూపులో "వేరే ఎవరైనా చేస్తే బావుంటుందేమో" అని మాటలు మొదలయ్యాయి. ఆ అమ్మాయిది శ్రీకాకుళం వైపు పల్లె. క్యాంటీన్‌లో ఏదైనా కథ చెప్పిందంటే టీలు చల్లారిపోతాయి, అంత బాగా చెప్తుంది. అలాంటి మనిషి కెమెరా ముందు ఎందుకు బిగుసుకుపోతోంది? భయమని అందరూ తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. టేక్‌ని వాక్యం వాక్యంగా వింటే, అన్ని వాక్యాలూ బిగుసుకోలేదు. చిన్నవి బాగున్నాయి. పెద్దవే చెక్కలా ఉన్నాయి. అన్నిటికన్నా చెక్క ఇది:

"శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవర భాషను నేర్చుకుని దానికి వాచకాలు, నిఘంటువు రూపొందించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు వ్యావహారిక భాషోద్యమానికి సారథ్యం వహించారు."

కాగితం మీద ఈ వాక్యానికి పేరు పెట్టలేం. పాతిక పదాలు, తప్పు ఒక్కటీ లేదు. ఇప్పుడు దీన్ని మా ట్యాబ్‌లో చూడండి. ఆ సైజు అక్షరాలకి లైనుకి రెండు పదాలు పడతాయి, తెర మీద ఒకేసారి ఐదు లైన్లు కనిపిస్తాయి. అంటే ఏ క్షణంలోనైనా ఆమె కంటికి అందేది పది పదాలు. గట్టిగా చదివే ఎవరి కళ్లయినా నోటికన్నా కొంచెం ముందు పోతుంటాయి, వాక్యం ఎటు పోతోందో ముందే చూసి గొంతుని సర్దుకోవడానికి. ఇంగ్లీషులో కర్త తర్వాత క్రియ వచ్చేస్తుంది కాబట్టి, రెండు మూడు పదాల్లో సంగతి తెలిసిపోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. చేశాడా, చెయ్యలేదా, చేశాడని ఎవరో అన్నారా, చెయ్యకుండా ఉంటే బాగుండేదా, ఇవన్నీ తేలేది ఆఖరి పదంలో. "శ్రీకాకుళం సమీపంలోని" అని మొదలుపెట్టేటప్పటికి ఆ ఆఖరి పదం తెరకి పదిహేను పదాల కింద ఎక్కడో ఉంది. ఆమె వేగం నిమిషానికి తొంభై పదాలు. ఆ క్రియ తెర మీదకి రావడానికే ఇంకా పది సెకన్లు పడుతుంది. అసలు ఎవరి గురించి మాట్లాడుతోందో ఆ పేరు కూడా పద్దెనిమిదో పదం! గొంతు ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో తెలియని మనిషి ఏం చేస్తుంది? ఎటూ మొగ్గకుండా చదునుగా లాక్కుపోతుంది. దాన్నే మనం చదివినట్టు ఉంది అంటున్నాం.

కాగితం చేతిలో ఉంటే ఈ బాధ లేదు, వాక్యం మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. కాబట్టి "కాగితం చూసి బాగానే చదివింది కదా" అని ఆమెని తప్పుపట్టడం కూడా చెల్లదు. ప్రాంప్టర్ అంటే కిటికీలోంచి రైలుని చూడటం. రైలు కిటికీకన్నా పొడుగ్గా ఉంటే, గార్డు పెట్టె ఎప్పుడొస్తుందో తెలియదు.

అందుకని ఒక్కటే నియమం పెట్టుకున్నాం. వాక్యం మొదటి పదం పైలైనులో ఉన్నప్పుడు, దాని క్రియ అదే తెర మీద కనిపించాలి. అంతకు మించి పొడుగైతే విరగ్గొట్టాలి. ఇంకోటి, అంకెలు ఎలా పలుకుతామో అలాగే రాయాలి. "1863" అని కనిపిస్తే మెదడు ముందు దాన్ని ఇంగ్లీషులో పలకాలా తెలుగులోనా అని ఆలోచిస్తుంది, ఆ తడబాటు ముఖంలో కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని ఆమెనే కూర్చోబెట్టి, తెర లేకుండా, "ఇప్పుడు ఈ సంగతి మీ తమ్ముడికి చెప్పు" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. ఇలా వచ్చింది:

"గిడుగు రామమూర్తి గారిది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేట. పుట్టింది పద్దెనిమిది వందల అరవై మూడులో, ఆగస్టు ఇరవై తొమ్మిదిన. పర్లాకిమిడిలో పంతులుగా చేశారు. అక్కడ సవరల భాష నేర్చుకున్నారు. ఊరికే నేర్చుకోలేదు, ఆ భాషకి వాచకాలు రాశారు, నిఘంటువు చేశారు. మనం ఇవాళ మాట్లాడినట్టే రాస్తున్నామంటే, దాని కోసం ముందుండి కొట్లాడింది ఈయనే."

పదాలు పాతిక నుంచి ముప్పై ఎనిమిదికి పెరిగాయి, చెప్పే సమయం మాత్రం మూడు నాలుగు సెకన్లే పెరిగింది. "ఊరికే నేర్చుకోలేదు" అన్నది మా స్క్రిప్టులో ఎక్కడా లేదు, ఆమె నోట్లోంచి వచ్చింది. ఆ మాట దగ్గర ఆమె తల కొంచెం అడ్డంగా ఊపింది చూడండి, అలాంటిది ఏ డైరెక్టరూ చెప్పి చేయించలేడు.

ఇక వేగం. యాప్ తెరవగానే నిమిషానికి ఇన్ని పదాలు అని ఒక అంకె అడుగుతుంది. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని నూట నలభై పెట్టేవాళ్లున్నారు. ఆ అంకె ఇంగ్లీషు పదాలకి. వాళ్లు "ఫ్రమ్ ఇన్‌సైడ్ ద హౌస్" అని నాలుగు పదాల్లో చెప్పేది మనం "ఇంట్లోంచి" అని ఒక్క ముక్కలో అనేస్తాం. మన పదం బరువెక్కువ. అందుకే తెలుగుకి ఆ అంకె చాలా తగ్గించాలి, అదీ ఎవరి నోటికి వాళ్లు కొలుచుకోవాలి. ఒక నిమిషం మామూలుగా మాట్లాడించి రికార్డు చేసి పదాలు లెక్కపెడితే సరి. మా అమ్మాయికి తొంభై వచ్చింది, ఇంకొకరికి డెబ్బై అయిదు రావచ్చు, అందులో తప్పేం లేదు.

అయితే సరైన అంకె పెట్టినా నాకు ఆటోమేటిక్ స్క్రోలింగ్ అంటే గిట్టదు. మనిషి ఒకే వేగంతో మాట్లాడడు. నవ్వొచ్చే చోట ఆగుతాడు, తెలిసిన సంగతి గబగబా అనేస్తాడు. తెర ఒకే వేగంతో పాకుతుంటే, మనిషి దాని వెనక పరుగెత్తుతాడు. గుర్తుపట్టడం తేలిక: ఊపిరి వాక్యం చివర కాకుండా లైను చివర తీసుకుంటుంటే ఆమె తెరని అనుసరిస్తోందని అర్థం. కొన్ని యాప్‌లు గొంతు విని వాటంతట అవే జరుగుతాయి. మేం వాడిన దానిలో అదీ ప్రయత్నించాం. తెలుగు మధ్యలో ఇంగ్లీషు మాట వచ్చిన చోటల్లా దారి తప్పి నిలబడిపోయింది. మనకి ఇంగ్లీషు మాట రాని వాక్యం ఎక్కడుంది చెప్పండి! చివరికి టీవీ వాళ్ల పద్ధతికే వచ్చాం. అక్కడ ప్రాంప్టర్ నడపడానికి ఒక మనిషే ఉంటాడు. నేను బ్లూటూత్ రిమోట్ పట్టుకుని ఆమె పెదాలు చూస్తూ జరిపాను. ఆమె ఆగితే తెర ఆగింది. ఒక చోట సవర పిల్లల గురించి స్క్రిప్టులో లేనిది నాలుగు మాటలు చెప్పుకుపోయింది, తెర కదలకుండా ఉండిపోయింది, తిరిగొచ్చి అక్కడే అందుకుంది. ఇదంతా ఒక్క షూట్‌కే అలవాటైంది.

ప్రాంప్టర్ వాడటమే మోసమని వాదించే సీనియర్లకి ఒక్క మాట. కంఠతా పట్టినవాళ్ల కళ్లు ఎప్పుడైనా చూశారా అన్నా? లెన్స్ వైపే ఉంటాయి, కానీ చూడవు. తర్వాతి వాక్యం కోసం లోపల వెతుక్కుంటూ ఉంటాయి. మూడు నిమిషాల పాఠం కంఠతా రావడానికి రెండు రోజులు పడుతుంది, సెమిస్టర్ మధ్యలో ఆ రెండు రోజులు హాస్టల్ పిల్లలకి దొరకవు. దొరికేవాళ్లు మళ్లీ మళ్లీ అదే నలుగురు. మన వీడియోల్లో మూడేళ్లుగా అవే ముఖాలు ఎందుకున్నాయో వేరే వెతకక్కర్లేదు.

ఒక హద్దు మాత్రం ఉంది. రెప్ప వాల్చకుండా మూడు నిమిషాలూ లెన్స్‌నే చూస్తే అదీ బాగుండదు, మనుషులు ఆలోచించేటప్పుడు చూపు తప్పిస్తారు. దానికి స్క్రిప్టులో అక్కడక్కడా వాక్యాలు తీసేసి ఒక్క మాట ఉంచాం. "సవర బడి" అని మాత్రం ఉంటుంది, మిగతాది ఆమె గుర్తుచేసుకుని చెప్పాలి. అక్కడ చూపు సహజంగానే పక్కకి పోయి వస్తుంది. పేర్లూ తేదీలూ ఉన్నచోట పూర్తి వాక్యం, కథ ఉన్నచోట ఒక్క మాట. అన్నీ ఒక్క మాటలే పెడితే మళ్లీ "అంటే... అదీ..." అని నీళ్లు నమలడం మొదలవుతుంది.

మూడో టేక్‌కి ఆమె కళ్లజోడులో ట్యాబ్ తెల్లగా మెరిసింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టి, ట్యాబ్ వెలుగు తగ్గించి, కళ్లజోడు కాడల్ని చెవుల దగ్గర ఒక పిసరు పైకి లేపితే పోయింది. నాలుగో టేక్ ఉంచాం. అందులో ఒక చోట ఆమె "ఏటంటే" అంది, "ఏమిటంటే" అని దిద్దాలని ఒకరిద్దరు పట్టుబట్టారు. దిద్దలేదు. వచ్చే సమావేశంలో ప్రెజెంటర్ల ఎంపిక గురించి చర్చ ఉందట. ఎవరినైనా వద్దనుకునే ముందు వాళ్లకిచ్చిన స్క్రిప్టుని ట్యాబ్‌లో ఎక్కించి, మొదటి పదం దగ్గర ఆపి, క్రియ కనిపిస్తోందో లేదో చూడమని నా ప్రతిపాదన. రిమోట్ నా దగ్గరే ఉంది, ట్యాబ్ మాత్రం తిరిగిచ్చేశాను, ఎవరిదగ్గరైనా ఉంటే తీసుకురండి.